డెమో ఇచ్చాక "వేరేవాళ్లని తీసుకున్నాం" అన్నారా? కృతజ్ఞత చెప్పి, సలహా అడిగే మెసేజ్ ఇలా రాయండి

ఏప్రిల్ వచ్చిందంటే మా స్కూల్లో టీచర్ ఉద్యోగాలకు వచ్చినవాళ్లు పాఠం చెప్పి చూపించే డెమోలు మొదలవుతాయి. జూన్ 12న బడి తెరిచేలోపు ఖాళీలన్నీ నింపాలి. ఒక్కో సబ్జెక్టుకు ఐదారుగురు వస్తారు, తీసుకునేది ఒక్కరినే. పదకొండేళ్లుగా ఫిజిక్స్ డెమోలకు నేను ప్యానెల్లో కూర్చుంటున్నాను. ఉద్యోగం రానివాళ్లలో ఎక్కువమంది మళ్లీ మాట్లాడరు. కొద్దిమంది మెసేజ్ పెడతారు. వాటిలో నేను నిజంగా జవాబు ఇవ్వగలిగినవి ఇంకా తక్కువ.

రాసినవాళ్లకు మర్యాద తెలియక కాదు. వాళ్లు అడిగే తీరు ఎలా ఉంటుందంటే, ఏం చెప్పినా ఇబ్బందే అనిపిస్తుంది. డెమో చూస్తూ నేను రాసుకున్న కాగితం నా సొరుగులోనే ఉంటుంది. బోర్డు వాడకం, గొంతు, పిల్లలతో మాట్లాడిన తీరు, సబ్జెక్టు పట్టు, అన్నిటికీ ఎదురుగా ఏదో ఒకటి రాసి ఉంటుంది. అడగాల్సినట్టు అడిగితే ఆ కాగితం తీసి రెండు నిమిషాల్లో చెప్పేయగలను. ఆ రెండు నిమిషాల జవాబు రాబట్టే మెసేజ్ గురించే ఇక్కడ రాస్తున్నాను. నాకు తెలిసింది టీచర్ ఉద్యోగాల డెమో కాబట్టి ఉదాహరణ అక్కడిదే తీసుకుంటున్నాను.

ముందు అది నిజంగా "వద్దు" అనేనా చూసుకోండి

స్కూళ్లలో వద్దనే మాటను ముఖం మీద చెప్పేవాళ్లు తక్కువ. "కరస్పాండెంట్ గారితో మాట్లాడి ఫోన్ చేస్తాం" అంటారు, ఆ తర్వాత ఫోన్ రాదు. వారం గడిచినా కబురు లేదంటే అది వద్దని అనుకుని ధన్యవాదాల మెసేజ్ పెట్టేస్తే, అసలు మీ పేరు రెండో స్థానంలో ఉన్నప్పుడు మీరే తప్పుకున్నట్టు అవుతుంది. మేం ముందు ఎంచుకున్నవాళ్లు జీతం కుదరక రాకపోవడం, చేరిన మూడో రోజే మానేయడం ఏటా జరుగుతుంది. అప్పుడు పిలిచేది రెండో మనిషినే.

కాబట్టి కబురు లేనప్పుడు అడగాల్సింది ఒక్కటే: "ఫలానా తేదీన డెమో ఇచ్చాను, నిర్ణయం అయిందా సార్?" వాళ్లు వేరేవాళ్లని తీసుకున్నామని చెప్పాకే అసలు మెసేజ్ సంగతి.

ఆ మాట ఫోన్లో చెప్తే అక్కడికక్కడే ఏమీ అడగకండి. ఫోన్ చేసేది తరచుగా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఆమె డెమో చూడలేదు, కారణం ఆమెకు తెలియదు. ఆమె ముందు ఐదు పేర్ల జాబితా ఉంటుంది. "ఫోన్ చేసి చెప్పినందుకు థాంక్స్ మేడమ్. సార్‌కి ఒక మెసేజ్ పెట్టొచ్చా, ఏ నంబరుకి పెట్టమంటారు?" అని అడిగితే సరిపోతుంది.

ఆ రాత్రి రాయకండి. మర్నాడు రాయండి, లేదా ఆ మర్నాడు. అంతకంటే ఆలస్యమైతే మాకు డెమోలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వారం తర్వాత ఎవరు ఏ పాఠం చెప్పారో కాగితం చూసినా సరిగా గుర్తురాదు.

ఎవరికి, ఏ దారిలో

మీ డెమో కళ్లారా చూసిన మనిషికి రాయాలి. కరస్పాండెంట్ ఐదు నిమిషాలు కూర్చుని లేచిపోయి ఉంటారు, ఆయన చెప్పగలిగింది ఏమీ ఉండదు. సబ్జెక్టు టీచరో, ప్రిన్సిపలో చివరిదాకా ఉండి ఉంటారు. మిమ్మల్ని మధ్యలో ఆపి ప్రశ్న అడిగినవాళ్లు ఎవరో గుర్తు తెచ్చుకోండి. వాళ్లే శ్రద్ధగా విన్నారు, వాళ్ల దగ్గరే చెప్పడానికి విషయం ఉంటుంది.

వాళ్ల నంబరు వాళ్లు ఇచ్చి ఉంటేనే నేరుగా పెట్టండి. స్నేహితుల దగ్గర నంబరు సంపాదించి పెట్టిన మెసేజ్ ఎంత బాగున్నా, చదివేవాళ్లకు ముందు కలిగే ఆలోచన "నా నంబరు ఎవరిచ్చారు" అనే. నంబరు లేకపోతే ఆఫీసు నంబరుకో, స్కూలు మెయిల్‌కో పంపి, మొదటి వరుసలో "ఫిజిక్స్ డెమో చూసిన సార్‌కి చేర్చగలరు" అని రాయండి. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లి ఉంటే కన్సల్టెన్సీ వాళ్లకు చెప్పి వాళ్ల ద్వారానే పంపండి, లేకపోతే వాళ్లను దాటి వెళ్లినట్టు అవుతుంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఇంకో చిక్కు ఉంటుంది. వద్దనే మెయిల్ `noreply` అని ఉండే అడ్రస్ నుంచి వస్తుంది. దానికి జవాబు రాస్తే ఎవరికీ చేరదు. మీ రౌండ్లకు టైం కుదిర్చిన రిక్రూటర్ మెయిల్ పాత మెయిళ్లలో ఉంటుంది, దానికే రాయాలి. ప్రతి రౌండు తర్వాత ఇంటర్వ్యూ చేసినవాళ్లు రాసే అభిప్రాయం మామూలుగా రిక్రూటర్‌కి కనిపిస్తుంది.

వాట్సాప్ అయితే అంతా ఒకే మెసేజ్‌లో ఉండాలి. "నమస్తే సార్" అని ఒకటి, ఐదు నిమిషాలకు "ఒక విషయం అడగాలి" అని మరొకటి పంపితే చదివేవాళ్లకు టెన్షన్. వాయిస్ మెసేజ్ వద్దు. స్టాఫ్ రూములో నలుగురి మధ్య కూర్చుని అది వినలేం. పంపే సమయం సాయంత్రం నాలుగు దాటాక అయితే మంచిది. వేసవిలో పొద్దున పూట అడ్మిషన్ల కోసం వచ్చే తల్లిదండ్రులతోనే సరిపోతుంది.

పంపని మెసేజ్, పంపిన మెసేజ్

ఒక అమ్మాయి మా దగ్గర పదో తరగతి ఫిజిక్స్ పోస్టుకు డెమో ఇచ్చింది. పాఠం ఓమ్ నియమం, సమయం ఇరవై నిమిషాలు. బోర్డు మీద మొదటే V = IR అని రాసి, ఒక్కో అక్షరం ఏమిటో చెప్పుకుంటూ వెళ్లింది. మధ్యలో నేను పిల్లవాడిలా ఒక ప్రశ్న వేశాను: "మేడమ్, R = V/I కదా. మరి V పెంచితే R కూడా పెరగాలి కదా?" పదో తరగతిలో తెలివైన పిల్లలు నిజంగా అడిగే ప్రశ్న ఇది. ఆమె "లేదు, నిరోధం స్థిరం, నియమం అదే చెప్తుంది" అని ముందుకు వెళ్లిపోయింది. వోల్టేజీతో పాటు కరెంటు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి భాగహారం విలువ మారదని చెప్పలేదు. ఆమెను తీసుకోలేదు.

ఆ తర్వాత జిల్లా సైన్స్ ఫెయిర్‌లో కలిసినప్పుడు, తను మొదట రాసి పంపకుండా ఆపుకున్న మెసేజ్ చూపించింది. అది ఇలా ఉంది:

"నమస్తే సార్. నన్ను సెలెక్ట్ చేయలేదని తెలిసి చాలా బాధపడ్డాను. డెమోకి రెండు రోజులు కష్టపడి ప్రిపేర్ అయ్యాను. మా ఇంట్లో పరిస్థితి బాగాలేదు, ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం. నాలో ఏం లోపం ఉందో, నన్ను ఎందుకు తీసుకోలేదో చెప్పండి సార్. ఇంకొక్క అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, అగౌరవమూ లేదు. అయినా ఇది నాకు వచ్చి ఉంటే జవాబు రాయలేకపోయేవాణ్ని. "ఎందుకు తీసుకోలేదు" అంటే మా నిర్ణయం సరైనదేనని నేను నిరూపించాలి. అలా రాస్తే అది స్కూలు తరఫున మాట్లాడినట్టు అవుతుంది, దానికి ప్రిన్సిపల్‌ని అడగాలి, ఆయన వద్దంటారు. "నాలో ఏం లోపం" అంటే మనిషిలోని లోపం చెప్పమన్నట్టు. ఇరవై నిమిషాలు చూసిన మనిషి గురించి అంత మాట ఎవరూ అనలేరు. ఇంట్లో కష్టం సంగతి చదివాక, "బోర్డు వైపు తిరిగి మాట్లాడారు" అని రాయడానికి చెయ్యి ఆడదు. ఇంకొక్క అవకాశం అన్న మాటతో, ఇది సలహా కోసం కాదు, నిర్ణయం మార్చమని అడుగుతున్నారని అర్థమైపోతుంది. దాంతో "బాగానే చేశారమ్మా, ఆల్ ది బెస్ట్" అని రాసి తప్పుకుంటాం.

మర్నాడు సాయంత్రం ఆమె నిజంగా పంపింది ఇది:

"నమస్తే సార్. మే 9న పదో తరగతి ఫిజిక్స్ పోస్టుకు ఓమ్ నియమం మీద డెమో ఇచ్చాను. వేరేవారిని తీసుకున్నారని నిన్న ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పారు. కబురు చెప్పినందుకు, ఇరవై నిమిషాలూ కూర్చుని విన్నందుకు ధన్యవాదాలు.

వోల్టేజీ పెంచితే నిరోధం పెరుగుతుందా అని మీరు అడిగినప్పుడు నేను సరిగా చెప్పలేదని ఇంటికి వచ్చాక తెలిసింది. మూడు రీడింగులు పట్టికలో వేసి, V/I ప్రతిసారీ ఒకే విలువ రావడం చూపించాల్సింది. ఆ ప్రశ్న నాకు మేలు చేసింది.

మీకు వీలైతే ఒక్కటి చెప్పగలరా సార్: పదో తరగతి పిల్లలకు ఈ పాఠం మళ్లీ చెప్పాల్సి వస్తే, నేను ముందుగా మార్చుకోవాల్సింది ఏది? ఒక్క మాట చెప్పినా చాలు. తీరిక లేకపోతే ఫర్వాలేదు."

కింద పేరు, అంతే.

ఆ మెసేజ్ ఎందుకు పనిచేసిందో వరుసగా చూడండి

మొదటి వాక్యంలోనే తేదీ, పోస్టు, పాఠం పేరు ఉన్నాయి. "మొన్న డెమో ఇచ్చిన ఫలానా" అంటే మాకు గుర్తురాదు. "ఓమ్ నియమం" అనగానే ఆమె, ఆమె బోర్డు, ఆమె రాసిన తీరు అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. పేరు కంటే పాఠం బాగా గుర్తుంటుంది.

నిర్ణయాన్ని ఆమె ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసింది. "బాధగా ఉంది కానీ గౌరవిస్తున్నాను" లాంటి మాట కూడా పెట్టలేదు. ఆ మాట తప్పు కాదు, కానీ బాధ అన్న పదం చూడగానే చదివేవాళ్లు ఓదార్చే పనిలో పడతారు. సలహా ఇవ్వడం పక్కకు పోతుంది.

కృతజ్ఞత ఫలానాదానికి అని చెప్పింది. "మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించినందుకు" అని రాస్తే అది ఎవరు ఎవరికి రాసినా ఒకలాగే ఉంటుంది, కన్ను దాని మీద ఆగదు. ఇరవై నిమిషాలూ విన్నారన్నది నిజంగా జరిగిన సంగతి. నా ప్రశ్న గురించి రాసిన రెండో పేరా అసలు బలం. తను తడబడిన చోటు తనే చెప్పింది, సరైన జవాబు కూడా రాసింది. ఈ మనిషికి నిజం చెప్తే వాదనకు దిగదన్న నమ్మకం నాకు అక్కడ కుదిరింది. మీకూ అలాంటి చోటు ఒకటి ఉంటే రాయండి. ఒక్కటి మాత్రమే. మూడు తప్పులు ఏకరువు పెడితే తనను తాను కించపరుచుకున్నట్టు ఉంటుంది. తడబడిన చోటు గుర్తులేకపోతే ప్యానెల్ చెప్పిన మాట ఏదైనా ఒకటి గుర్తు చేసుకోండి, అది కూడా లేకపోతే ఈ పేరా వదిలేయండి. కల్పించి రాస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న ఒక్కటే, అదీ రాబోయే పాఠం గురించి. "మళ్లీ చెప్పాల్సి వస్తే ముందుగా మార్చుకోవాల్సింది ఏది" అన్నప్పుడు నేను మా నిర్ణయం గురించి నోరు విప్పక్కర్లేదు. ఒక టీచరు ఇంకో టీచరుకు చెప్పే మాట చెప్తే చాలు. "ముందుగా" అన్న చిన్న పదం కూడా పనిచేసింది. జాబితా అడగకుండా ఒక్కటి అడిగింది కాబట్టి ఏది పెద్దదో నేనే ఎంచుకోవాల్సి వచ్చింది. చివర్లో "తీరిక లేకపోతే ఫర్వాలేదు" అని వదిలిపెట్టింది. ఎదురుచూస్తుంటాను అనే మాట దీనికి సరిగ్గా వ్యతిరేకం, అది భుజం మీద చెయ్యి వేసి నిలబెట్టినట్టు ఉంటుంది.

సంబోధన గురించి ఒక మాట. మా దగ్గర సార్, మేడమ్ అనేవి సహజం, అవే వాడండి. ప్రతి వాక్యానికీ సార్ అక్కర్లేదు, మొదట ఒకసారి, అడిగేచోట ఒకసారి చాలు. "తమరు", "పాదాభివందనాలు", "మీ దయ" లాంటివి వద్దు. తోటి టీచరుగా రాయండి. మెసేజ్ ఇంగ్లీషులో రాయాల్సి వచ్చినా వరుస ఇదే: ఏ ఇంటర్వ్యూ, కబురు అందిందని, దేనికి కృతజ్ఞత, ఒక్క ప్రశ్న, వదిలిపెట్టే మాట. ఫోన్ తెర మీద వేలితో జరపకుండా దాదాపుగా చదివేసేంత పొడవు ఉండాలి.

జవాబు వచ్చాక

ఆమెకు నేను రాసింది ఇది: "మొదటి ఎనిమిది నిమిషాల్లో పిల్లల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సూత్రం ముందు రాసి తర్వాత వివరించారు. ముందు రీడింగులు పిల్లల చేతే చెప్పించండి, సూత్రం చివర్లో రావాలి. సబ్జెక్టు బాగానే ఉంది."

ఇలాంటిది చదివినప్పుడు "కానీ సార్, అక్కడ నిజం పిల్లలు లేరు కదా, ఎవర్ని అడగాలి" అని రాయాలనిపిస్తుంది. ఆ మాటలో న్యాయం ఉంది కూడా. అయినా రాయకండి. ఆమె రాసింది: "ధన్యవాదాలు సార్. సూత్రం చివర్లో రావాలన్నది నాకు తట్టలేదు. ఈ వారం ఇంటి దగ్గర ట్యూషన్ పిల్లలకు అలాగే చెప్పి చూస్తాను." అక్కడితో సంభాషణ ముగిసింది. జవాబుకు జవాబుగా ఇంకో ప్రశ్న వేస్తే, మొదటి మెసేజ్‌లో "ఒక్కటి" అన్న మాట తప్పినట్టే.

జవాబు రాకపోతే మళ్లీ గుర్తు చేయొద్దని నా అభిప్రాయం. తీరిక లేకపోతే ఫర్వాలేదని మీరే రాశారు, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఒక్క సందర్భం వేరు: వాళ్లు "రేపు చెప్తాను" అని రాసి మర్చిపోతే, వారం ఆగి ఒక్కసారి గుర్తు చేయొచ్చు.

"మా రూల్ ప్రకారం కారణాలు చెప్పం" అని వస్తే దాన్ని మీ మీద కోపం అనుకోవద్దు. కార్పొరేట్ స్కూళ్లలో, పెద్ద కంపెనీల్లో ఇలా చెప్పడం మామూలే. అమెరికాలో కంపెనీలు మరీ జాగ్రత్తగా ఉంటాయి. జాతి, మతం, లింగం లాంటి వాటి ఆధారంగా ఉద్యోగంలో వివక్ష చూపడాన్ని అక్కడ 1964 పౌర హక్కుల చట్టం నిషేధించింది, రాతపూర్వకంగా చెప్పిన ఏ మాటైనా రేపు కేసులో చూపిస్తారేమోనన్న భయం వాళ్లది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు డేటా రక్షణ చట్టం కింద తమ గురించి రాసుకున్న ఇంటర్వ్యూ నోట్సు అడిగే దారి ఉంది. అది హక్కు, వాడుకోవచ్చు. కానీ ధన్యవాదాల మెసేజ్‌లో దాన్ని ప్రస్తావిస్తే ఆ మెసేజ్ నోటీసు అయిపోతుంది. రెండూ వేరువేరుగా ఉంచాలి.

వచ్చిన సలహాను ఎంతవరకు నమ్మాలి

ఇది చెప్పకపోతే నేను నిజాయితీగా లేనట్టే. కొన్నిసార్లు మేం చెప్పే సలహా నిజమే, కానీ ఉద్యోగం రాకపోవడానికి కారణం అది కాదు. ఒక ఏడాది డెమో అందరికంటే బాగా ఇచ్చిన అబ్బాయిని తీసుకోలేకపోయాం. ఎనిమిదో తరగతి లెక్కలు కూడా చెప్పగలిగిన మనిషి కావాల్సి వచ్చింది, అతను ఫిజిక్స్ మాత్రమే చెప్తానన్నాడు. ఇంకోసారి అడిగిన జీతం కుదరలేదు. ఇలాంటివి మెసేజ్‌లో ఎవరూ రాయరు, రాసే అధికారం నాకూ లేదు.

తేడా కనిపెట్టడానికి ఒక గుర్తు ఉంది. సలహాలో మీ డెమోలో జరిగిన ఫలానా సంగతి ఉంటే, అంటే ఎనిమిది నిమిషాలు, బోర్డు, మీరు చెప్పిన ఒక మాట లాంటిది ఉంటే, అది నిజంగా చూసి చెప్పింది. దాన్ని పట్టించుకోండి. "బాగానే చేశారు, వేరేవాళ్లు ఇంకా బాగా చేశారు", "అనుభవం పెంచుకోండి" అని మాత్రమే ఉంటే డెమో బయట ఏదో కారణం ఉందని అనుకోవచ్చు. దాని కోసం మీ బోధన మొత్తం మార్చుకోనక్కర్లేదు. ఒకే మాట రెండు మూడు స్కూళ్లలో వేరువేరు మనుషులు చెప్తే మాత్రం అది ఖాయం.

డెమో అయిన రోజే ఒక కాగితం మీద పాఠం, అడిగిన ప్రశ్నలు, మీరు ఇచ్చిన జవాబులు రాసి పెట్టుకోండి. సలహా వచ్చినప్పుడు దాని పక్కన పెట్టి చూసుకోవడానికి పనికొస్తుంది. మెసేజ్ రాసేటప్పుడు కూడా ఆ కాగితమే ఆధారం.

ఇక సలహా ఇచ్చినవాళ్లకు మళ్లీ రాసే సమయం ఒకటుంది. దసరా సెలవులకు ముందు కొందరు టీచర్లు మానేస్తారు, ప్రసూతి సెలవులు వస్తాయి, మధ్యలో మనిషి కావాల్సి వస్తుంది. సెప్టెంబర్‌లో ఆ అమ్మాయి దగ్గర్నుంచి రెండు వాక్యాలు వచ్చాయి: "సార్, ట్యూషన్ పిల్లలకు రీడింగులతో మొదలుపెట్టి చెప్పాను. ఒక పిల్ల, సూత్రం నేను రాయకముందే V/I మారట్లేదని తనే చెప్పింది." ఉద్యోగం గురించి ఒక్క మాట లేదు. అప్పటికి మా దగ్గర ఖాళీ లేదు. పక్క ఊరి స్కూలు ప్రిన్సిపల్ ఫిజిక్స్‌కి ఎవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు, ఆమెను అడిగి ఆమె నంబరు ఆయనకు పంపాను.